కొత్తగా చేరిన అధ్యాపకులు స్టాఫ్ మీటింగ్‌లో తమను తాము ఎలా పరిచయం చేసుకోవాలి

డిగ్రీ కళాశాలలో కొత్తగా చేరిన వారిని మొదటి స్టాఫ్ మీటింగ్‌లో ప్రిన్సిపాల్ గారు లేపి, "మీ గురించి రెండు మాటలు చెప్పండి" అంటారు. ఆ రెండు మాటలకు నిజంగా దొరికే సమయం రెండు నిమిషాలే, ఎందుకంటే ఎజెండాలో ఆ తర్వాత ఇంటర్నల్ పరీక్షల తేదీలు, ఇన్విజిలేషన్ డ్యూటీలు, దోస్త్ అడ్మిషన్ల లెక్క, నాక్ ఫైళ్లు వరుసగా ఉంటాయి. చాలామంది ఆ సమయాన్ని తమ డిగ్రీలు, ప్రచురించిన పత్రాల సంఖ్య చదవడానికి, మిగిలింది కృతజ్ఞతలు చెప్పడానికి ఖర్చు చేస్తారు. మీటింగ్ అయ్యాక ఎదుటి విభాగం వారిని అడిగి చూస్తే, కొత్తగా వచ్చిన వారి పేరు గుర్తుంటుంది గానీ, వారు ఏ పేపర్లు చెబుతారో, వారి పరిశోధన దేని మీదో చెప్పలేకపోతారు. పెద్దల పట్ల మర్యాద తప్పకుండా ఈ లోటును ఎలా పూడ్చుకోవాలో ఇక్కడ ఒక ఉదాహరణతో చూద్దాం. ఉదాహరణకు, జమ్మికుంట దగ్గరి పల్లెలో పుట్టి, కాకతీయ విశ్వవిద్యాలయంలో మిరప వైరస్ తెగుళ్ల మీద పీహెచ్‌డీ చేసి, వరంగల్ పక్కనున్న ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన ఒక మేడం గారిని అనుకుందాం.

ముందు విభాగాధిపతిని కలవండి

జాయినింగ్ రిపోర్టు ఇచ్చిన రోజే, లేదా కనీసం మీటింగ్‌కు ముందు రోజైనా, మీ విభాగాధిపతి దగ్గర పది నిమిషాలు కూర్చోండి. మిమ్మల్ని ఎవరు పరిచయం చేస్తారని మొదట అడగండి. కొన్ని కళాశాలల్లో ప్రిన్సిపాల్ గారే పేరు, సబ్జెక్టు చెప్పి కూర్చోబెడతారు, కొన్నింటిలో విభాగాధిపతి రెండు వాక్యాలు చెప్పాక మిమ్మల్ని మాట్లాడమంటారు. ఆయన ముందే చెప్పిన సంగతినే మీరు మళ్లీ మొదటి నుంచి చెబితే వినేవారికి విసుగు, ఆయనకు చిన్నతనం. అందుకని ఆయన ఏం చెప్పబోతున్నారో తెలుసుకుని, మీరు ఆ తర్వాతి మాట నుంచి అందుకోవాలి.

తర్వాత మీకు ఏ పేపర్లు కేటాయించారో, ఇంతవరకు వాటిని ఎవరు చెబుతున్నారో అడగండి. ఈ రెండో భాగాన్ని కొత్తవారు సాధారణంగా వదిలేస్తారు, కానీ నా దృష్టిలో మీటింగ్‌కు ముందు తెలుసుకోవలసిన వాటిలో ఇంతకంటే ముఖ్యమైనది లేదు. రెగ్యులర్ పోస్టు ఖాళీగా ఉన్నన్నాళ్లు ఆ పాఠాలను గెస్ట్ లెక్చరర్లో, కాంట్రాక్టు లెక్చరర్లో నెట్టుకొస్తారు. మీరు చేరడంతో వారి క్లాసులు తగ్గవచ్చు, కొన్నిసార్లు ఉద్యోగమే పోవచ్చు. వారు అదే హాల్లో వెనుక వరుసలో కూర్చుని ఉండగా మీరు లేచి, "ఇన్నాళ్లు సబ్జెక్టు చెప్పేవారు లేక పిల్లలు నష్టపోయారని విన్నాను, ఆ లోటు తీరుస్తాను" అంటే, ఆ మాట ఒక్కరికి తగిలి ఊరుకోదు, వారితో ఏళ్లుగా టీ తాగుతున్న స్టాఫ్ రూమ్ అంతటికీ తగులుతుంది. దానికి బదులు, "ఇంతవరకు ఈ పేపర్లు చెప్పిన వారి నోట్స్, ప్రాక్టికల్ రికార్డులు చూసి అక్కడి నుంచి కొనసాగిస్తాను" అన్న ఒక్క వాక్యం చాలు. వారి పేరు చెప్పాలా వద్దా అన్నది మాత్రం విభాగాధిపతినే అడగండి. ఆ నియామకం చుట్టూ కోర్టు కేసో, రెన్యువల్ గొడవో ఉంటే పేరు ఎత్తకపోవడమే మేలు.

భాష సంగతి కూడా అప్పుడే తేలిపోతుంది. మన వైపు స్టాఫ్ మీటింగులు ఎక్కువగా తెలుగులోనే నడుస్తాయి, పేపర్ల పేర్లూ పదవుల పేర్లూ ఇంగ్లిషులో వస్తాయి. ప్రిన్సిపాల్ గారు ఇంగ్లిషులో నడిపే అలవాటున్న వారైతే మొదటి రెండు వాక్యాలు ఇంగ్లిషులో చెప్పి తెలుగులోకి రావచ్చు. హాల్లో ఉర్దూ విభాగం వారు ఉంటే వారికి తెలుగు రాదని మీకు మీరే అనుకుని హిందీలోకి దిగకండి, వారిలో చాలామంది మనకంటే చక్కటి తెలుగు మాట్లాడతారు.

ఎవరిని ముందు సంబోధించాలి

స్టాఫ్ మీటింగ్ సభ కాదు, కాబట్టి "వేదికనలంకరించిన పెద్దలకు" అన్న పద్ధతి ఇక్కడ నప్పదు. వరుస మాత్రం ఉంది. ముందు ప్రిన్సిపాల్ గారు, తర్వాత వైస్ ప్రిన్సిపాల్ గారు, తర్వాత మీ విభాగాధిపతి, ఆ తర్వాత ఒకే మాటలో సీనియర్ అధ్యాపకులు, సహోద్యోగులు, ఆఫీసు సిబ్బంది. విభాగాధిపతి దాకా పదవితో పిలవండి, పేరుతో పిలవాల్సిన అవసరం లేదు. అక్కడి నుంచి ఎవరినీ విడిగా ఎత్తకండి. పరీక్షల విభాగం ఇన్‌చార్జి గారి పేరు చెప్పి ఐక్యూఏసీ కోఆర్డినేటర్ గారిని వదిలేస్తే, మీకు తెలియని పాత లెక్క ఏదో ఉందని అనుకునే వారు తప్పకుండా ఉంటారు. ఆఫీసు సూపరింటెండెంటు గారు, లైబ్రేరియన్ గారు మీటింగ్‌లో ఉంటే "ఆఫీసు, లైబ్రరీ సిబ్బంది" అని కలపడం మరవకండి. మీ సర్వీస్ రిజిస్టరు తెరిచేది, మొదటి జీతం బిల్లు పెట్టేది వారే అన్న స్వార్థం అలా ఉంచితే, అటెండర్లతో సహా ఆ గదిలో ఉన్న వారందరూ స్టాఫే.

వయసు, సర్వీసు అన్నిసార్లూ ఒకే వైపు ఉండవు. మీ విభాగాధిపతి మీకంటే రెండేళ్లు చిన్నవారు కావచ్చు, యూనివర్సిటీలో మీ జూనియరే కావచ్చు. అయినా మీటింగ్‌లో ఆయన "సార్", ఆమె "మేడం". హాస్టల్ రోజుల్లో "అన్నా", "అక్కా" అని పిలిచిన వారు ఎదురుగా కూర్చున్నా, ఆ పిలుపు స్టాఫ్ రూమ్‌లోనే ఉండాలి. ఇక మీకు డిగ్రీలోనో ఎమ్మెస్సీలోనో పాఠం చెప్పిన వారే అక్కడ పనిచేస్తుంటే, మీటింగ్‌కు ముందే వారిని విడిగా కలిసి నమస్కారం పెట్టండి, పరిచయంలో ఆ మాట చెప్పవచ్చా అని అడగండి. అనుమతిస్తే ఒక్క వాక్యంలో చెప్పండి. ఆ అనుబంధాన్ని పొడిగిస్తూ పోతే, మిగతా సీనియర్లు మిమ్మల్ని అప్పటికప్పుడే ఒక వర్గంలో చేర్చేస్తారు.

పేరు, ఊరు, చదువు

ఇవి త్వరగా ముగియాలి. పేరు ముందు "డాక్టర్" అని మీరే తగిలించుకోకండి. పీహెచ్‌డీ చేశానని రెండు వాక్యాల తర్వాత ఎలాగూ చెబుతారు. ఊరు చెప్పండి, మన దగ్గర అది అడగకుండా ఎవరూ ఊరుకోరు, "మాది జమ్మికుంట దగ్గర" అనగానే ఆ దారిలో రోజూ వచ్చిపోయే వారు ఒకరిద్దరు తలెత్తుతారు. ఇంతకుముందు ఎక్కడ పనిచేశారో ఒక మాట చెప్పవచ్చు, కానీ పోల్చకండి. "అక్కడ స్మార్ట్ బోర్డులుండేవి" అన్న మాటను "ఇక్కడ లేవు" అనే వింటారు. నెట్, సెట్, ర్యాంకు, పత్రాల సంఖ్య వదిలేయండి, అవన్నీ మీ ఫైల్‌లో ఉన్నాయి.

సబ్జెక్టును ఎలా చెప్పాలి

సబ్జెక్టు దగ్గర నిదానించాలి. దీన్ని పెద్దదాని నుంచి చిన్నదానికి, మూడు మెట్లలో చెప్పండి. మొదట విభాగం, తర్వాత ఈ సెమిస్టర్‌లో మీరు చెప్పబోయే పేపర్లు, చివర మీరు ప్రత్యేకంగా పనిచేసిన అంశం. చాలామంది మూడో మెట్టు నుంచే మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. టైమ్ టేబుల్ వేసే వారికి, బీజడ్‌సీ గ్రూపులో మీతో పాటు పిల్లలను పంచుకునే జువాలజీ, కెమిస్ట్రీ వారికి నిజంగా పనికొచ్చేది రెండో మెట్టు. "మొదటి సంవత్సరానికి వైరస్‌లు, బాక్టీరియా, శిలీంద్రాలు ఉండే పేపరు, మూడో సంవత్సరానికి ప్రాక్టికల్స్ చూస్తాను" అంటే, ల్యాబ్ ఏ రోజుల్లో ఎవరికి కావాలో వారు వెంటనే లెక్క వేసుకోగలరు.

మూడో మెట్టును కామర్స్ సార్‌కు కూడా అర్థమయ్యేలా ఒకటి రెండు వాక్యాల్లో తయారు చేసుకోండి. మన ఉదాహరణలోని మేడం గారి థీసిస్ పేరు "మాలిక్యులర్ క్యారెక్టరైజేషన్ ఆఫ్ బెగోమోవైరసెస్" అని మొదలవుతుందనుకుందాం. దాన్ని అలాగే చదివితే వృక్షశాస్త్రం వారు తప్ప మిగతా వారంతా అక్కడే వినడం మానేస్తారు. "మిరపలో ఆకుముడత తెచ్చే వైరస్‌ల మీద పనిచేశాను. ఆ వైరస్‌ను ఒక మొక్క నుంచి మరో మొక్కకు తెల్లదోమ మోసుకుపోతుంది" అంటే మాత్రం, ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు తోలిన ఇంటి నుంచి వచ్చిన వారు ఆ హాల్లో నలుగురైనా ఉంటారు, వారు ముందుకు వంగి వింటారు.

సులభంగా చెప్పడం వేరు, తప్పుగా చెప్పడం వేరు. ఇక్కడే సీనియర్లు మిమ్మల్ని కొలుస్తారు. ఆకుముడత అంతా వైరస్ వల్లనే రాదు. తామర పురుగులు రసం పీలిస్తే ఆకు అంచులు పైకి ముడుచుకుంటాయి, నల్లి వల్ల అయితే కిందికి ముడుచుకుంటాయి, ఈ రెంటికీ వైరస్‌తో పని లేదు. "మిరప ముడత మీద పరిశోధన చేశాను" అని పొడిగా వదిలేస్తే, పురుగుల గురించి ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన జువాలజీ సార్ మనసులో నవ్వుకుంటారు. "ముడతల్లో వైరస్ వల్ల వచ్చేదాన్ని మాత్రమే చూశాను, పురుగుల వైపు జువాలజీ వారిని అడిగి నేర్చుకోవాలి" అంటే, మీ సబ్జెక్టు హద్దు స్పష్టమవుతుంది, పక్క విభాగం పెద్దలకు ఇవ్వాల్సిన గౌరవమూ ఆ వాక్యంలోనే అందుతుంది. "సీనియర్ల ఆశీస్సులు, సహకారం కోరుతున్నాను" అన్న మాటను నాలుగుసార్లు చెప్పినా ఈ ఒక్క వాక్యం చేసే పని చేయదు.

ఇతర సబ్జెక్టులకూ దారి ఇదే. చరిత్ర వారు "మధ్యయుగ దక్కన్ నీటిపారుదల వ్యవస్థలు" అనే కంటే, "పాకాల, రామప్ప లాంటి చెరువులు ఎవరు తవ్వించారో, వాటి నిర్వహణ ఎవరు చూశారో శాసనాల్లో వెతికాను" అనవచ్చు. స్టాటిస్టిక్స్ వారు "ఊరంతా తిరగకుండా కొన్ని ఇళ్లను మాత్రమే అడిగి ఊరి సంగతి ఎంత నమ్మకంగా చెప్పవచ్చో చూసే సర్వే పద్ధతులు నా అంశం" అంటే చాలు. మీ వాక్యం సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి, మీ సబ్జెక్టు కాని ఇంట్లో వారికి చెప్పి, వారినే మళ్లీ చెప్పమనండి. వారు చెప్పినదాంట్లో ఏది తప్పిపోయిందో ఆ చోటే మీ వాక్యంలో గడ్డు పదం ఉంటుంది.

ఇక్కడొక హెచ్చరిక కూడా చెప్పాలి. సబ్జెక్టు దాటి మీకు వచ్చిన ఇతర విద్యలను జాబితాగా చదవకండి. మీటింగ్‌లో పలికిన ప్రతి నైపుణ్యం సాయంత్రానికల్లా ఒక కమిటీ అవుతుంది. "యాంకరింగ్ చేస్తాను" అంటే ఫ్రెషర్స్ డే నుంచి బతుకమ్మ దాకా మైకు మీ చేతిలోనే ఉంటుంది. "కంప్యూటర్ బాగా వచ్చు" అన్న వారికి నాక్ క్రైటీరియాలలో కనీసం ఒకటి రాసిపెట్టి ఉంటుంది. నిజంగా చేయాలని ఉన్నది ఒకటి ఉంటే, అదీ మీ సబ్జెక్టుకు దగ్గరదైతే, దాన్ని మాత్రమే చెప్పండి.

మొత్తం కలిపితే

పై సంగతులన్నీ కలిపి మన మేడం గారు ఇలా మాట్లాడవచ్చు. విభాగాధిపతి అప్పటికే ఆమె పేరు, సబ్జెక్టు చెప్పారనుకుందాం.

"ప్రిన్సిపాల్ గారికి, వైస్ ప్రిన్సిపాల్ గారికి, మా విభాగాధిపతి గారికి, సీనియర్ అధ్యాపకులకు, సహోద్యోగులకు, ఆఫీసు, లైబ్రరీ సిబ్బందికి నమస్కారం. మా సార్ నా పేరు, సబ్జెక్టు చెప్పారు. మాది జమ్మికుంట దగ్గర. ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ కాకతీయ యూనివర్సిటీలో చేశాను. ఈ సెమిస్టర్ బీఎస్సీ మొదటి సంవత్సరానికి వైరస్‌లు, బాక్టీరియా, శిలీంద్రాలు ఉండే పేపరు చెబుతాను, మూడో సంవత్సరం ప్రాక్టికల్స్ చూస్తాను. ఇంతవరకు ఈ పేపర్లు చెప్పిన వారి నోట్స్, రికార్డులు మా సార్ ఇచ్చారు, అక్కడి నుంచే కొనసాగిస్తాను. నా పరిశోధన మిరపలో ఆకుముడత తెచ్చే వైరస్‌ల మీద, వాటిని తెల్లదోమ వ్యాపింపజేస్తుంది. ముడతల్లో వైరస్ వల్ల వచ్చేదాన్నే నేను చూశాను, పురుగుల సంగతి జువాలజీ వారి దగ్గర నేర్చుకోవాల్సి ఉంది. బొటానికల్ గార్డెన్ పని ఏదైనా ఉంటే నాకు చెప్పండి, ఇష్టంగా చేస్తాను. నమస్కారం."

నిదానంగా చదివినా ఇది రెండు నిమిషాల లోపే అయిపోతుంది. కాగితం చూసి చదవకండి, కానీ పేపర్ల పేర్లు రాసిన చిన్న చీటీ డైరీలో ఉంచుకోండి, కంగారులో తడబడేది అక్కడే. విభాగాధిపతి ముందుగా ఏమీ చెప్పకపోతే రెండో వాక్యం స్థానంలో మీ పేరు, హోదా, సబ్జెక్టు చెప్పండి.

మాట్లాడేటప్పుడు మధ్యలో ప్రిన్సిపాల్ గారి చూపు ఎజెండా కాగితం మీదికి వెళ్లినా, ముందు వరుసలో పక్కవారితో మాటలు మొదలైనా, మీ సమయం అయిపోయిందని అర్థం. అప్పుడు మిగిలినదాన్ని వేగంగా పరుగెత్తించకండి. సబ్జెక్టు వాక్యం చెప్పేసి ఉంటే అక్కడే నమస్కారంతో ఆపండి, ఇంకా చెప్పకపోతే అదొక్కటి చెప్పి కూర్చోండి.

ప్రశ్నలు వస్తే

కూర్చోబోతుండగా రెండు మూడు ప్రశ్నలు తప్పవు. "ఎవరి దగ్గర చేశారు?" అంటే పీహెచ్‌డీ గైడ్ ఎవరని. పేరుకు "గారు" చేర్చి చెప్పి ఆపండి, ఎందుకంటే అడిగిన వారు ఆ గైడ్ గారికి మిత్రులో, మరొకటో మీకు తెలియదు. "ఇక్కడే ఉంటారా, అప్ అండ్ డౌనా?" అన్న దానికి నిజమే చెప్పండి. కాజీపేట రైలు మీద ఆధారపడేవారు "మొదటి పీరియడ్‌కు ముందే చేరుకునే బండి ఉంది సార్" అని ఒక మాట కలిపితే, టైమ్ టేబుల్ వారి అనుమానం తీరుతుంది.

మన మేడం గారికి ఇంకో ప్రశ్న దాదాపు ఖాయం. వెనుక నుంచి ఎవరో సీనియర్, "మా తోటలో మిర్చి ముడత వచ్చింది మేడం, ఏం మందు కొట్టాలె?" అంటారు, హాలు నవ్వుతుంది. అది వేళాకోళమూ కావచ్చు, నిజమైన అవసరమూ కావచ్చు. మందు పేరు చెప్పడం పొరపాటు, ఎందుకంటే కారణం తెలియకుండా మందు చెప్పే వీలు లేదు, పైగా వైరస్ పట్టిన మొక్కను బాగుచేసే మందు లేదు, దాన్ని మోసే దోమను అదుపు చేయడమే దారి. "నేను పాఠం చెప్పేదాన్నే సార్, వ్యవసాయ అధికారిని కాను" అని కొట్టిపారేస్తే ఆయన నొచ్చుకుంటారు. "ఆకు పైకి ముడిచిందా, కిందికి ముడిచిందా సార్? మీటింగ్ అయ్యాక రెండు రెమ్మలు చూపిస్తే కారణం ఏదై ఉంటుందో చూద్దాం, మందు సంగతి వ్యవసాయ అధికారినే అడగాలి" అనడం సరైన జవాబు. ఒకే ప్రశ్నతో మీకు సబ్జెక్టు తెలుసని తేలిపోతుంది, మీటింగ్ కూడా ఆగదు.

సబ్జెక్టు మీద పరీక్షించే ప్రశ్న ఎవరైనా వేసి, జవాబు మీకు తెలియకపోతే, "అది చూసి చెబుతాను సార్" అనండి, ఆ వారంలోనే వారి గదికి వెళ్లి చెప్పండి. ప్రశ్నలోనే పొరపాటు ఉంటే అందరి ముందు దిద్దకండి, విడిగా కలిసినప్పుడు ఆ సంగతి చెప్పవచ్చు.

మీటింగ్ ముగిశాక

మినిట్స్ రిజిస్టర్‌లో సంతకం పెట్టేటప్పుడు మీ పేరు, హోదా, సబ్జెక్టు ఎలా రాశారో చూడండి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు బదులు లెక్చరర్ అనో, ఇంటిపేరు తప్పుగానో పడడం మామూలే, అదే రాత తర్వాత ఐక్యూఏసీ జాబితాలోకి, గుర్తింపు కార్డులోకి వెళుతుంది. తప్పుంటే మీరే కొట్టి దిద్దకుండా, మినిట్స్ రాసిన వారికి చూపించి వారి చేతనే మార్పించండి. స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో చేర్చాక స్వాగత సందేశాలకు ఒక్కొక్కరికి విడివిడిగా జవాబివ్వక, పేరు, విభాగం, ఫోన్‌లో దొరికే వేళలు రాసి అందరికీ కలిపి ఒక్క నమస్కారం పెట్టండి. ఆ రోజు మీటింగ్‌కు రాని సీనియర్లు ఎవరో విభాగాధిపతిని అడిగి తెలుసుకుని, మరుసటి రోజు వారి గదికే వెళ్లి పరిచయం చేసుకోండి. అక్కడ పేరు, విభాగం, పేపర్లు చెబితే చాలు, మిగతాది వారు కూర్చోమన్నాక అడుగుతారు.